యూస్డ్ టు తర్వాత గో ఎప్పుడు, గోయింగ్ ఎప్పుడు?

ప్రశ్న: మాస్టారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. డిగ్రీ అయ్యింది, బ్యాంకు పరీక్షలకి ప్రిపేర్ అవుతున్నాను. టు తర్వాత ఎప్పుడూ వెర్బ్ మొదటి రూపమే రావాలని స్కూల్లో చెప్పారు. కానీ మాక్ టెస్టులో "హి ఈజ్ యూస్డ్ టు వర్క్ ఎట్ నైట్" తప్పట, "వర్కింగ్" అని ఉండాలట. "హి యూస్డ్ టు వర్క్ ఎట్ నైట్" మాత్రం రైటట. యూస్డ్ టు, బి యూస్డ్ టు, గెట్ యూస్డ్ టు ఈ మూడింటికీ తేడా ఏంటి? దేని తర్వాత ఏ రూపం పెట్టాలి?

సమాధానం:

మాక్ టెస్టు చెప్పింది కరెక్టేనండి. ఇంగ్లీష్ వాక్యాలన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను, బయటికి చదువుకుంటూ వెళ్ళండి. నోటికి వస్తేనే ఇది నిలుస్తుంది.

యూస్డ్ టు ముందు ఏ తోడూ లేకపోతే వెర్బ్ మొదటి రూపం వస్తుంది. "హి యూస్డ్ టు వర్క్ ఎట్ నైట్." ఒకప్పుడు రాత్రిపూట పనిచేసేవాడు, ఇప్పుడు చేయడం లేదు.

దాని ముందు యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్ లాంటివి గానీ, గెట్, గాట్, గెటింగ్ లాంటివి గానీ ఉంటే నౌన్ వస్తుంది, లేదా వెర్బ్‌కి ఐఎన్‌జి చేరుతుంది. "హి ఈజ్ యూస్డ్ టు వర్కింగ్ ఎట్ నైట్." రాత్రి పని అతనికి అలవాటే, కొత్త కాదు, కష్టం కాదు. "హి ఈజ్ గెటింగ్ యూస్డ్ టు వర్కింగ్ ఎట్ నైట్." ఇప్పుడిప్పుడే అలవాటు పడుతున్నాడు.

స్కూల్లో చెప్పింది సగమే నిజం, అందుకే మీకు చిక్కు వచ్చింది. ఇంగ్లీష్‌లో టు రెండు రకాలుగా పనిచేస్తుంది. "ఐ వాంట్ టు గో"లో టు వెర్బ్‌కి ముందు వచ్చే గుర్తు, దాని తర్వాత మొదటి రూపమే వస్తుంది. "ఐ వెంట్ టు అమలాపురం"లో టు ప్రిపొజిషన్. దాని తర్వాత ఊరో, మనిషో, వస్తువో, ఏదో ఒక పేరు రావాలి. పేరు రావాల్సిన చోట పనిని పెట్టాలంటే ఆ పనిని కూడా పేరుగా మార్చాలి, ఐఎన్‌జి చేసేది అదే. వర్క్ అంటే పనిచేయి, వర్కింగ్ అంటే పనిచేయడం. "హి యూస్డ్ టు వర్క్"లో ఉన్నది మొదటి రకం టు. "హి ఈజ్ యూస్డ్ టు వర్కింగ్"లో యూస్డ్ అసలు వెర్బే కాదు, అలవాటైన అనే అర్థమిచ్చే విశేషణం. దాని వెనకున్న టు ప్రిపొజిషన్. రెండు వాక్యాల్లోనూ అవే అక్షరాలు కనిపిస్తాయి గానీ నిర్మాణం వేరు.

పరీక్షలో ఇంత ఆలోచించే టైమ్ ఉండదు కాబట్టి ఒక చిన్న పరీక్ష చెబుతాను. టు తర్వాత ఉన్నదంతా తీసేసి "ఇట్" పెట్టి చూడండి. "ఐ యామ్ యూస్డ్ టు ఇట్." నిలబడింది. "ఐ విల్ గెట్ యూస్డ్ టు ఇట్." ఇదీ నిలబడింది. "ఐ యూస్డ్ టు ఇట్." నిలబడలేదు. ఇట్ కూర్చునే చోట ఐఎన్‌జి కూడా కూర్చుంటుంది. "ఐ లుక్ ఫార్వర్డ్ టు" కూడా ఈ పరీక్షకి నిలబడుతుంది, అందుకే "ఐ లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు" అంటారు. "అబ్జెక్ట్ టు" కూడా అంతే.

రూపం సంగతి ఇంతే. కానీ నా క్లాసుకి వచ్చేవాళ్ళలో ఎక్కువమందిని దెబ్బతీసేది రూపం కాదండి, అర్థం. గ్రామర్ ప్రకారం ఒక్క తప్పూ లేని వాక్యం చెప్పి, చెప్పాలనుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకం చెప్పేస్తారు. మీరు రేపు ఇంటర్వ్యూలో కూర్చునేటప్పుడు కూడా ఇదే ఎదురవుతుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మన కోనసీమ నుంచి గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. అలా నర్సు ఉద్యోగానికి వెళ్ళాలనుకున్న ఒక అమ్మాయికి ఇంటర్వ్యూ ప్రాక్టీస్ చేయించాను. అప్పటికి రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూలో చేస్తోంది, నైట్ డ్యూటీలే ఎక్కువ. నేను అడిగాను: "ఆర్ యు ఓకే విత్ నైట్ షిఫ్ట్స్?" ఆ అమ్మాయి చక్కగా, తడుముకోకుండా చెప్పింది: "ఎస్ సర్, ఐ యూస్డ్ టు వర్క్ నైట్ షిఫ్ట్స్." నేను వెంటనే అడిగాను: "వై డిడ్ యు స్టాప్?" తెల్లబోయింది. "ఆపలేదు సార్, నిన్న రాత్రి కూడా డ్యూటీయే చేసి వచ్చాను" అంది తెలుగులో.

వాక్యంలో గ్రామర్ తప్పు లేదు. కానీ విన్నవాడికి అర్థమయ్యేది "ఒకప్పుడు నైట్ డ్యూటీలు చేసేదాన్ని" అని. అంటే ఇప్పుడు చేయట్లేదు, ఏదో కారణంతో మానేసింది అని. ఉత్త యూస్డ్ టు లోపల "ఇప్పుడు లేదు" అనే మాట దాగి ఉంటుంది. ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు, వినేవాడు అలాగే తీసుకుంటాడు. మీరు మాట్లాడుతుంటే అవతలివాళ్ళు "ఎప్పుడు మానేశారు?", "ఇప్పుడెందుకు చేయట్లేదు?" అని అడుగుతున్నారంటే, బి మింగేసి ఉత్త యూస్డ్ టు చెప్పేశారని గుర్తు.

ఆ అమ్మాయి జవాబుని ఇద్దరం కూర్చుని మళ్ళీ కట్టాం. ఒక్కొక్క వాక్యం చూడండి, మూడు రూపాలూ వాటి వాటి చోట్లలో ఉంటాయి.

"ఐ యూస్డ్ టు వర్క్ ఇన్ ద జనరల్ వార్డ్." మొదట్లో జనరల్ వార్డులో చేసేది, ఇప్పుడు చేయదు. కాబట్టి ఉత్త యూస్డ్ టు, తర్వాత వర్క్.

"నౌ ఐ వర్క్ ఇన్ ద ఐసీయూ, అండ్ ఐ యామ్ యూస్డ్ టు వర్కింగ్ నైట్స్." ఇప్పటి సంగతి, అలవాటైన పని. యామ్ వచ్చింది కాబట్టి వర్కింగ్.

"ఎట్ ఫస్ట్ ఐ వాజ్ నాట్ యూస్డ్ టు స్లీపింగ్ ఇన్ ద డేటైమ్." మొదట్లో పగలు పడుకోవడం అలవాటు లేదు. ఇక్కడ కాలం గతమే. కానీ గతాన్ని చెబుతున్నది వాజ్, యూస్డ్ కాదు. యూస్డ్ చివర డి ఉంది కదా, ఇది పాస్ట్ టెన్స్ అనుకుని "ఐ యామ్ యూస్డ్ టు" అనడానికి చాలామంది జంకుతారు. ఆ భయం అక్కర్లేదు. బి యూస్డ్ టులో యూస్డ్ కదలదు, దాని ముందున్న బి ఒక్కటే కాలాన్ని బట్టి యామ్, వాజ్, విల్ బి అని మారుతుంది.

"ఇట్ టుక్ మి ఎ ఫ్యూ వీక్స్ టు గెట్ యూస్డ్ టు ఇట్." అలవాటు పడటానికి కొన్ని వారాలు పట్టింది. ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగండి. ఇందులో రెండు టు లు ఉన్నాయి. మొదటి టు తర్వాత గెట్, అంటే వెర్బ్ మొదటి రూపం. రెండో టు తర్వాత ఇట్, అంటే పేరు. పైన చెప్పిన రెండు రకాలూ ఒకే వాక్యంలో పక్కపక్కన ఉన్నాయి.

చివరగా, అక్కడి ఎండ గురించి అడిగితే: "ఐ యామ్ నాట్ యూస్డ్ టు డెజర్ట్ హీట్, బట్ ఐ విల్ గెట్ యూస్డ్ టు ఇట్." ఇంకా అలవాటు లేదు, అలవాటు పడతాను. బి యూస్డ్ టు అనేది ఉన్న స్థితి. గెట్ యూస్డ్ టు అనేది ఆ స్థితికి చేరే ప్రయాణం. అందుకే కొత్త ఊరికీ, కొత్త ఉద్యోగానికీ వెళ్ళినవాళ్ళ నోట గెట్ ఎక్కువగా వస్తుంది. మన దగ్గర లారీ నడిపి కువైట్‌కి డ్రైవరుగా వెళ్ళినవాడికి అక్కడ బండి రోడ్డుకి కుడివైపున నడపాల్సి వస్తుంది. అతను మొదటివారం చెప్పాల్సింది "ఐ యామ్ నాట్ యూస్డ్ టు డ్రైవింగ్ ఆన్ ద రైట్" అని. కొన్నాళ్ళకి "ఐ యామ్ గెటింగ్ యూస్డ్ టు ఇట్". పూర్తిగా కుదురుకున్నాక "ఐ హావ్ గాట్ యూస్డ్ టు ఇట్" అన్నా, "ఐ యామ్ యూస్డ్ టు ఇట్ నౌ" అన్నా సరే.

ఇక ఇంత గందరగోళం మనకే ఎందుకు వస్తుందంటే, తెలుగులో అలవాటు అనే ఒక్క మాటని అన్నింటికీ వాడతాం కాబట్టి. "నాకు పొద్దున్నే లేచే అలవాటు ఉండేది", "నాకు పొద్దున్నే లేవడం అలవాటే", "నాకు పొద్దున్నే లేచే అలవాటు ఉంది". మూడింటిలోనూ అలవాటు ఉంది గానీ ఇంగ్లీష్‌లో మూడూ మూడు దారులు. కాబట్టి అలవాటు అనే మాట పట్టుకుని తర్జుమా చేయకండి, వాక్యం చివర చూడండి. "లేచేవాణ్ణి, లేచేదాన్ని, వెళ్ళేవాళ్ళం, ఉండేది" అని చెప్పగలిగితే అది ఉత్త యూస్డ్ టు. "పొద్దున్నే లేచే అలవాటు ఉండేది" అన్నా "లేచేవాణ్ణి" అన్నా ఒకటే కదా, కాబట్టి "ఐ యూస్డ్ టు గెట్ అప్ ఎర్లీ". "అలవాటే, కొత్తేం కాదు" అని చెప్పాలంటే "ఐ యామ్ యూస్డ్ టు గెటింగ్ అప్ ఎర్లీ".

మూడోది, "లేచే అలవాటు ఉంది", అంటే రోజూ లేస్తుంటాను అని. దీనికి "ఐ యూజ్ టు గెట్ అప్ ఎర్లీ" అనే వాక్యాన్ని మన వైపు చాలామంది వాడేస్తారు. ఆ వాక్యం ఇంగ్లీష్‌లో లేదు. ఈ యూస్డ్ టుకి ప్రెజెంట్ టెన్స్ లేదు, గతమే ఉంది. ఇప్పుడు రోజూ చేసే పనికి మామూలు ప్రెజెంట్ టెన్సే వాడాలి: "ఐ యూజువల్లీ గెట్ అప్ ఎర్లీ", లేదా "ఐ గెట్ అప్ ఎర్లీ ఎవ్రీ డే". మీరు ఇంటర్వ్యూలో మీ దినచర్య చెప్పేటప్పుడు కావలసింది ఎక్కువగా ఇదే.

యూజువల్లీకీ బి యూస్డ్ టుకీ తేడా కూడా పట్టుకోండి. యూజువల్లీ అంటే మీరు ఆ పని చేస్తుంటారు. బి యూస్డ్ టు అంటే మీకది వింతగానో, కష్టంగానో ఉండదు. మీరు చేసే పనే కానక్కర్లేదు, మీ మీదకి వచ్చిపడేది కూడా కావచ్చు. లంక గ్రామాలవాళ్ళకి గోదావరి వరద కొత్త కాదు. "పీపుల్ ఇన్ ద లంక విలేజెస్ ఆర్ యూస్డ్ టు ఫ్లడ్స్." వరద వాళ్ళు చేసే పని కాదు, అయినా వాక్యం సరిగ్గా ఉంది. ఇదే వాక్యాన్ని వెర్బ్‌తో చెప్పాలంటే "దే ఆర్ యూస్డ్ టు మూవింగ్ దెయిర్ క్యాటిల్ టు హై గ్రౌండ్". పశువుల్ని మెరకకి తోలుకెళ్ళడం వాళ్ళకి అలవాటే.

పరీక్షల్లో మిమ్మల్ని పడగొట్టే వాక్యం ఇంకొకటుంది. ఈజ్ యూస్డ్ టు చూడగానే ఐఎన్‌జి పెట్టేయాలని నేర్చుకున్నవాళ్ళు ఇక్కడ దొరికిపోతారు: "కాయర్ ఈజ్ యూస్డ్ టు మేక్ రోప్స్." కొబ్బరి పీచుని తాళ్ళు పేనడానికి వాడతారు అని. ముందు ఈజ్ ఉంది, అయినా మేక్ అనే మొదటి రూపమే కరెక్టు. ఎందుకంటే ఇది అలవాటు గురించి కాదు, యూజ్ అనే మామూలు వెర్బ్‌కి పాసివ్ వాయిస్. టు మేక్ అంటే చేయడానికి, ఉద్దేశం చెబుతోంది. పీచుకి తాళ్ళు చేయడం అలవాటు అవ్వదు కదా. కాబట్టి ఈజ్ యూస్డ్ టు కనపడగానే ఒక్క క్షణం సబ్జెక్ట్ వైపు చూడండి. వస్తువైతే దాదాపు ఎప్పుడూ "వాడతారు" అనే అర్థమే, మొదటి రూపం వస్తుంది. మనిషైతే దాదాపు ఎప్పుడూ "అలవాటు" అనే అర్థం, ఐఎన్‌జి వస్తుంది. "ఫర్" ఉంటే మళ్ళీ లెక్క మారుతుంది: "కాయర్ ఈజ్ యూస్డ్ ఫర్ మేకింగ్ రోప్స్." ఫర్ ఎప్పుడూ ప్రిపొజిషనే.

చెవికి ఈ రెండూ వేరుగా వినిపిస్తాయి. అలవాటు అర్థంలో ఇంగ్లీష్‌వాళ్ళు "యూస్ట్ టు" అంటారు, మధ్యలో స శబ్దం. వాడటం అర్థంలో "యూజ్డ్", జ శబ్దం. కాగితం మీద రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి రాత పరీక్షలో ఇది సాయపడదు. మాట్లాడేటప్పుడు మాత్రం అలవాటు అర్థానికి యూస్ట్ అనే పలకండి.

డిడ్ వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా చెప్పాలి. "డిడ్ యు యూస్ టు లివ్ ఇన్ యానాం?", "ఐ డిడెంట్ యూస్ టు లైక్ టీ." డిడ్ గతాన్ని తను మోసేస్తుంది కాబట్టి రాతలో యూస్డ్ చివరి డి పోతుంది. వినడానికి తేడా తెలియదు, అందుకే డి ఉంచేసి రాసేవాళ్ళు ఇంగ్లీష్ దేశాల్లోనూ ఉన్నారు. పరీక్షలో మాత్రం డి లేనిదే ఎంచుకోండి. ఇది ఉత్త యూస్డ్ టుకి మాత్రమే. "ఆర్ యు యూస్డ్ టు స్పైసీ ఫుడ్?" అన్నప్పుడు డిడ్ రాదు, డి పోదు.

ఉత్త యూస్డ్ టుతో ఎన్నేళ్ళో చెప్పకూడదు. "ఐ యూస్డ్ టు లివ్ ఇన్ కాకినాడ ఫర్ ఫైవ్ ఇయర్స్" తప్పుగా లెక్కేస్తారు. కాలపరిమితి చెప్పాలంటే మామూలు పాస్ట్ టెన్స్: "ఐ లివ్డ్ ఇన్ కాకినాడ ఫర్ ఫైవ్ ఇయర్స్." మొత్తం ఎన్నిసార్లు వెళ్ళారో చెప్పినా ఇంతే, "ఐ వెంట్ దేర్ త్రీ టైమ్స్". "వారానికి మూడుసార్లు వెళ్ళేవాణ్ణి" అయితే అది మళ్ళీ అలవాటు కాబట్టి "ఐ యూస్డ్ టు గో దేర్ త్రీ టైమ్స్ ఎ వీక్" బాగానే ఉంటుంది.

వుడ్ గురించి మీరు అడగలేదు గానీ పక్కనే ఉంటుంది కాబట్టి ఒక్క మాట. పాతరోజుల్లో మళ్ళీ మళ్ళీ చేసిన పనులకి యూస్డ్ టు బదులు వుడ్ వాడొచ్చు. యానాం, ఎదుర్లంకల మధ్య వంతెన లేని రోజుల గురించి చెబుతూ "ఇన్ దోజ్ డేస్ పీపుల్ వుడ్ క్రాస్ ద రివర్ బై బోట్" అనొచ్చు, "పీపుల్ యూస్డ్ టు క్రాస్" అని కూడా అనొచ్చు. కానీ ఉండటం, కలిగి ఉండటం, ఇష్టపడటం లాంటి స్థితులకి వుడ్ పనికిరాదు. "వుయ్ యూస్డ్ టు హావ్ ఎ బోట్" అనాలే గానీ, ఆ అర్థంలో "వుయ్ వుడ్ హావ్ ఎ బోట్" అనకూడదు.

ఇప్పుడు మీ మాక్ టెస్టు ప్రశ్నకి మళ్ళీ వస్తే, "హి యూస్డ్ టు వర్క్ ఎట్ నైట్", "హి ఈజ్ యూస్డ్ టు వర్కింగ్ ఎట్ నైట్" రెండూ సరైన వాక్యాలే. అందుకని ఖాళీలు పూరించే ప్రశ్నలో ఈ రెండూ ఆప్షన్లుగా ఇస్తే గ్రామర్ ఒక్కటే చూసి తేల్చలేరు, మిగతా వాక్యం చదవాలి. "హి ______ ఎట్ నైట్, సో ద న్యూ షిఫ్ట్ విల్ నాట్ బి ఎ ప్రాబ్లమ్" అని ఉంటే కొత్త షిఫ్ట్ ఇబ్బంది కాదంటున్నారు, అంటే అలవాటుంది, కాబట్టి "ఈజ్ యూస్డ్ టు వర్కింగ్". "హి ______ ఎట్ నైట్, బట్ నౌ హి వర్క్స్ ఇన్ ద మార్నింగ్" అని ఉంటే బట్ నౌ అనేది పాత సంగతి ముగిసిందని చెబుతోంది, కాబట్టి "యూస్డ్ టు వర్క్". "హి ______ ఎట్ నైట్, బట్ ఇట్ ఈజ్ స్టిల్ డిఫికల్ట్ ఫర్ హిమ్" అని ఉంటే ఇంకా కష్టంగానే ఉందంటున్నారు, అలవాటు పూర్తి కాలేదు, కాబట్టి "ఈజ్ గెటింగ్ యూస్డ్ టు వర్కింగ్".